బేకలైట్, తొలి ప్లాస్టిక్ గృహోపకరణాల కాలనిర్ణయం: రంగు, అచ్చుగీత, వాసనల సాక్ష్యం – కరీంనగర్, ఆదిలాబాద్ ఇళ్ల విద్యుత్ సామగ్రి ఆధారంగా

వ్యాససంగ్రహం

పాత ఇళ్లలో దొరికే నల్లని బేకలైట్ స్విచ్చులు, బుగ్గ హోల్డర్లు, రేడియో పెట్టెలు, దువ్వెనలు, సబ్బుపెట్టెలు గ్రామీణ భౌతిక సంస్కృతి అధ్యయనానికి ముఖ్యమైన ఆకరాలు. వీటి కాలాన్ని రంగును బట్టి, అచ్చు వదిలిన గీతను బట్టి, వేడెక్కేలా రుద్దినప్పుడు వచ్చే వాసనను బట్టి అంచనా వేయడం సేకర్తల్లో వాడుకలో ఉన్న పద్ధతి. ఈ మూడు గుర్తులు పదార్థాన్ని, తయారీ విధానాన్ని చెబుతాయే తప్ప నేరుగా సంవత్సరాన్ని చెప్పవు. ఉత్తర తెలంగాణలో విద్యుత్తు ఆలస్యంగా వచ్చింది, బేకలైట్ వాడకం చాలాకాలం కొనసాగింది. అందువల్ల పాశ్చాత్య సేకర్తల కాలపట్టికను ఇక్కడి వస్తువులకు యథాతథంగా వర్తింపజేస్తే దశాబ్దాల పొరపాటు వస్తుంది. ఒక విద్యుత్ బోర్డును ఉదాహరణగా తీసుకొని ఆ పొరపాటును తప్పించే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: బేకలైట్, యూరియా ఫార్మాల్డిహైడ్, సెల్యులాయిడ్, అచ్చుగీత, కాలనిర్ణయం, కరీంనగర్, ఆదిలాబాద్, భౌతిక సంస్కృతి

1. ఉపోద్ఘాతం

లియో బేక్‌లండ్ 1907లో దరఖాస్తు చేసిన ‘వేడి, ఒత్తిడి’ పేటెంటు 1909 డిసెంబరులో మంజూరైంది. ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌ల కలయికతో తయారైన ఆ రెసిన్‌కు ఆయన పేరు మీదుగానే బేకలైట్ అనే పేరు వచ్చింది. ఒకసారి అచ్చులో గట్టిపడితే మళ్లీ కరగకపోవడం, విద్యుత్తును ప్రసరింపనీయకపోవడం దీని లక్షణాలు. స్విచ్చులు, ప్లగ్గులు, హోల్డర్ల తయారీలో ఇది స్థిరపడటానికి ఈ రెండు గుణాలే కారణం.

ఐరోపా, అమెరికా సేకర్తలు బేకలైట్ గృహోపకరణాలను సాధారణంగా రెండో ప్రపంచయుద్ధం నాటివిగా, లేదా అంతకు ముందువిగా లెక్కిస్తారు. అక్కడ యుద్ధానంతరం పాలిస్టైరిన్ వంటి కొత్త ప్లాస్టిక్‌లు ఇళ్లలో బేకలైట్ స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి. భారతదేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ విద్యుత్ సామగ్రికి ఫినాలిక్ పొడిని అచ్చుపోయడం ఆ తరువాత కూడా దశాబ్దాల పాటు సాగింది. జగిత్యాల సమీప గ్రామంలోని ఒక ఇంట్లో నల్లని గుండ్రటి స్విచ్చు దొరికితే దాన్ని 1930ల నాటిదని రాయడానికి పదార్థం ఒక్కటే ఆధారం కాదు. ఒక జిల్లా సేకరణలో అలాంటి తేదీ ఒకటి నమోదైతే, ఆ ఊరికి విద్యుత్తు వచ్చిన కాలాన్ని గురించిన తప్పుడు చరిత్ర కూడా దానితోపాటు నమోదవుతుంది. సమస్య తీవ్రత అక్కడే ఉంది.

కాలనిర్ణయంలో రెండు అవధులను వేరుచేసి చూడాలి. వస్తువు ఏ సంవత్సరానికి ముందు తయారై ఉండడానికి వీలులేదో అది పూర్వావధి. ఏ సంవత్సరం తరువాత తయారై ఉండడానికి వీలులేదో అది పరావధి. రంగు, అచ్చుగీత, వాసన దాదాపు ఎప్పుడూ పూర్వావధినే ఇస్తాయి. పరావధిని ఇంటి నుంచి, గోడ నుంచి, కాగితాల నుంచి వెతుక్కోవాలి.

2. రంగు చెప్పేది

ఫినాలిక్ రెసిన్ స్వతహాగా తేనెరంగులో ఉంటుంది. వెలుతురు, గాలి తగిలేకొద్దీ ఇంకా ముదురుతుంది. అచ్చుపోసే పొడిలో బలం కోసం కట్టెపొట్టు కలుపుతారు. అందువల్ల అచ్చుపోసిన బేకలైట్ నలుపు, గోధుమ, ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ, లేదా ఈ రంగులు కలగలిసిన మరకల రూపంలోనే వస్తుంది. తెల్లని, లేత నీలి, లేత గులాబీ వస్తువు అచ్చుపోసిన బేకలైట్ అయ్యే అవకాశం లేదు.

లేతరంగులో గట్టిగా, కరగని స్వభావంతో ఉన్న విద్యుత్ సామగ్రి చాలావరకు యూరియా ఫార్మాల్డిహైడ్‌తో చేసినది. ఈ పొడి 1920ల చివర్లో ఇంగ్లండులో మార్కెట్‌కు వచ్చింది. దీనిలో కట్టెపొట్టుకు బదులు శుద్ధిచేసిన సెల్యులోజ్ కలుపుతారు. కాబట్టి దంతపు రంగు సీలింగ్ రోజ్‌కు పూర్వావధి 1920ల చివరి భాగం. ఇది ప్రపంచం మొత్తానికి వర్తించే పూర్వావధి. ఉత్తర తెలంగాణలోని ఇంటికి వాస్తవమైన తేదీ దీనికి చాలా తరువాత ఉండవచ్చు.

మూడో రకం పోతబోసిన ఫినాలిక్. పొట్టు కలపకుండా ద్రవరూప రెసిన్‌ను సీసపు అచ్చుల్లో పోసి, నెమ్మదిగా గట్టిపరచి, తరువాత కోసి, చెక్కి, నునుపుచేస్తారు. బేకలైట్ మౌలిక పేటెంట్ల గడువు ముగిసిన తరువాత, 1920ల చివర్లో అమెరికాలో కాటలిన్ పేరుతో ఇది ప్రచారంలోకి వచ్చింది. గాజులు, గొడుగు పిడులు, కత్తి పిడులు దీనితో చేసేవారు. ఈ రకంలో రంగు గురించి ఒక హెచ్చరిక అవసరం. పైపొర పసుపెక్కడం వల్ల తొలుత తెల్లగా ఉన్నది వెన్నరంగుకు, నీలంగా ఉన్నది ఆకుపచ్చకు మారుతుంది. నేడు కంటికి కనిపించే రంగు తయారైన నాటి రంగు కాదు.

అసలు రంగు తెలియాలంటే వెలుతురు తగలని చోటు చూడాలి. స్విచ్చు మూత లోపలి వైపు, మరతల కింద ఉన్న చిన్న వలయం, గుండ్రటి చెక్కకు ఆనుకొని ఉన్న అంచు ఇందుకు అనువైనవి. బయట బూడిదరంగులోకి తిరిగిన నల్లని మూత మరతల కింద నిగనిగలాడే నలుపుతో కనిపిస్తే, పైపొరలోని రెసిన్ క్షీణించి కట్టెపొట్టు బయటపడిందని అర్థం. అయితే ఈ క్షీణత ఎంత ఎక్కువగా ఉంటే వస్తువు అంత పాతదని భావించరాదు. తూర్పు వాకిలి పక్కన పదేళ్లు ఎండ తగిలిన స్విచ్చు, చీకటి కొట్టంలో నలభై ఏళ్లున్న స్విచ్చుకంటే ఎక్కువ వెలిసిపోతుంది.

ఈ ప్రాంతపు ఇళ్లలో మరొక కారణం కూడా పనిచేస్తుంది. అది గోడసున్నం. ఫినాలిక్ రెసిన్‌కు క్షారాన్ని తట్టుకునే శక్తి తక్కువ. పండుగలకు, పెళ్లిళ్లకు వెల్లవేసినప్పుడు పడిన సున్నపు చుక్కలు మూత మెరుపును తినేసి, గుండ్రటి మచ్చలను వదులుతాయి. ఈ మచ్చలను వయస్సు గుర్తులుగా పొరబడటం సులభం.

3. అచ్చుగీత చెప్పేది

రంగు పదార్థాన్ని సూచిస్తే, అచ్చుగీత తయారీ విధానాన్ని సూచిస్తుంది. బేకలైట్ పొడిని రెండు ముక్కల ఉక్కు అచ్చులో వేసి, సుమారు 150–180 డిగ్రీల సెల్సియస్ వేడిలో, బలమైన ఒత్తిడితో బిగిస్తారు. పొడి మెత్తబడి అచ్చు నిండా వ్యాపించి, కొద్ది నిమిషాల్లో గట్టిపడుతుంది. ఎక్కువైన పదార్థం రెండు ముక్కలు కలిసే చోట పల్చని రేకులా బయటికి వస్తుంది. దాన్ని ఆకురాయితో రాస్తారు, లేదా వస్తువులను పీపాలో వేసి తిప్పి రాలగొడతారు. ఈ కారణంగా ఒత్తిడి అచ్చు వస్తువుకు మూడు లక్షణాలుంటాయి. అంచు చుట్టూ ఒకే గీత, ఆ గీత మీద ఆకురాయి గీకుళ్లు, లోపలివైపు వస్తువును బయటికి నెట్టిన కడ్డీల గుండ్రటి ముద్రలు. పదార్థం లోపలికి ప్రవేశించిన రంధ్రపు మచ్చ మాత్రం ఉండదు.

పాలిస్టైరిన్ వంటి కరిగే ప్లాస్టిక్‌లను సాధారణంగా ఇంజెక్షన్ పద్ధతిలో అచ్చుపోస్తారు. కరిగిన పదార్థాన్ని సన్నని ద్వారం గుండా అచ్చులోకి నెడతారు. ఆ ద్వారం దగ్గర తెగ్గొట్టిన చిన్న బొడిపె, లేదా మచ్చ మిగులుతుంది. సబ్బుపెట్టె అడుగున మధ్యలో కనిపించే చుక్క ఇదే. రెండు ప్రవాహాలు కలిసిన చోట వెంట్రుకవంటి గీత, మందమైన భాగానికి ఎదురుగా చిన్న గుంట కూడా ఈ పద్ధతి గుర్తులే.

దువ్వెనల్లో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కొమ్ముతో గాని, సెల్యులాయిడ్ రేకుతో గాని చేసిన పేల దువ్వెనలో పళ్లను రంపంతో కోస్తారు. పళ్ల మొదళ్ల దగ్గర రంపపు గీతలు, కొద్దిగా అసమానమైన ఎడం భూతద్దంలో కనిపిస్తాయి. ఇంజెక్షన్ దువ్వెనలో ప్రతి పంటి అంచు వెంట సన్నని అచ్చుగీత నడుస్తుంది, ఎడం అంతా ఒకేలా ఉంటుంది. ఊది అచ్చుపోసిన పాలిథిలిన్ డబ్బాల్లో అడుగున అడ్డంగా నొక్కిన గీత, రెండు పక్కలా పైకి వెళ్లే గీతలు ఉంటాయి.

భారతీయ ముడిపదార్థాల చరిత్ర ఇక్కడ ఉపకరిస్తుంది. దేశంలో పాలిస్టైరిన్ ఉత్పత్తి 1957లో, తక్కువ సాంద్రత పాలిథిలిన్ 1959లో, పీవీసీ 1961లో, ఎక్కువ సాంద్రత పాలిథిలిన్ 1968లో, పాలీప్రొపిలిన్ 1978లో మొదలయ్యాయి. దిగుమతి చేసుకున్న ముడిసరుకుతో అంతకు ముందు కూడా వస్తువులు తయారయ్యే వీలుంది గనుక వీటిని కఠినమైన పూర్వావధులుగా తీసుకోరాదు. అయితే చౌకధరకు మారుమూల అంగళ్లకు చేరిన సరుకు ఈ సంవత్సరాలకు తరువాతిదని భావించడం సమంజసం.

అచ్చుగీతను చదివేటప్పుడు రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. ఒకటి: మందంగా, వంకరగా ఉన్న గీతను పాతకాలపు మోటు పనితనంగా భావించడం. నిజానికి ఎక్కువకాలం వాడి అరిగిపోయిన అచ్చు కూడా అలాంటి గీతనే ఇస్తుంది. అచ్చులోని అక్షరాలు కూడా మొద్దుబారి ఉంటే, అది పాత నమూనాను చాలా ఏళ్ల తరువాత పోసిన ప్రతి అయ్యే అవకాశం ఎక్కువ. రెండు: నమూనా వయస్సును వస్తువు వయస్సుగా తీసుకోవడం. ఉక్కు అచ్చు ఖరీదైనది. చేతులు మారినా, రూపం పాతబడినా దాన్ని వాడుతూనే ఉంటారు. కనుక ఆకృతి 1930ల ఇంగ్లీషు స్విచ్చును పోలి ఉండటం ఏ తేదీనీ నిరూపించదు.

4. వాసన చెప్పేది

బొటనవేలితో వేగంగా ఇరవై, ముప్పై సార్లు రుద్ది, చర్మానికి వేడి తెలిసిన వెంటనే వాసన చూడటం ఈ పరీక్ష పద్ధతి. లోహభాగాలు లేని వస్తువు మూలను కొన్ని క్షణాలు వేడినీటిలో ముంచడం మరొక పద్ధతి. రెండో పద్ధతి యూరియా ఫార్మాల్డిహైడ్‌కు, పాలవిరుగుడుతో చేసిన కేసిన్‌కు పనికిరాదు. మొదటిది నీటితో పగుళ్లిస్తుంది, రెండోది ఉబ్బుతుంది.

బేకలైట్ నుంచి కార్బాలిక్ సబ్బును తలపించే ఘాటైన వాసన వస్తుంది. అది ఫినాల్ వాసన. సెల్యులాయిడ్ నుంచి వచ్చేది హారతి కర్పూరపు వాసన. దాని తయారీలో కర్పూరమే మెత్తబరిచే పదార్థం కనుక ఇది దాదాపు సందేహానికి తావివ్వదు. కేసిన్ గుండీలు మాడిన పాల వాసననిస్తాయి. సెల్యులోజ్ అసిటేట్ పుల్లని వెనిగర్ వాసననిస్తుంది. గంధకంతో గట్టిపరచిన నల్లని రబ్బరు, అంటే ఎబొనైట్, పైకి బేకలైట్‌లాగే కనిపించినా రుద్దగానే గంధకపు వాసనతో బయటపడుతుంది. పాలిస్టైరిన్‌కు వాసన దాదాపు ఉండదు. వేలితో తడితే లోహంలా మోగే శబ్దమే దాని గుర్తు.

ఈ ప్రాంతంలో లక్క గాజుల వాడుక ఉంది గనుక లక్కను కూడా ఈ జాబితాలో చేర్చాలి. ముదురు ఎరుపు లక్క గాజు పోతబోసిన ఫినాలిక్ గాజును పోలి ఉంటుంది. అయితే లక్క రాపిడి వేడికే కొద్దిగా మెత్తబడి, ముద్ర వేసే లక్కకడ్డీ వాసన వేస్తుంది. ఫినాలిక్ ఎంత రుద్దినా మెత్తబడదు.

వాసన పరీక్షకు స్పష్టమైన హద్దులున్నాయి. దీర్ఘకాలం ఉపరితలం ఆరిపోతే బేకలైట్ వాసన ఇవ్వకపోవచ్చు. వంటింటి పొగ, కిరసనాయిలు, కొబ్బరినూనె పట్టిన వస్తువు తన వాసనను కాక వాటి వాసననే ఇస్తుంది. అందువల్ల వాసన వస్తే అది సాక్ష్యం. రాకపోతే అది దేనికీ సాక్ష్యం కాదు. ఎర్రగా కాల్చిన సూదిని గుచ్చే పద్ధతిని పూర్తిగా మానుకోవాలి. అది వస్తువును పాడుచేస్తుంది. వస్తువు సెల్యులాయిడ్ అయితే భగ్గున మండుతుంది. వేడిని తట్టుకునేందుకు చేసిన కొన్ని పాత ఫినాలిక్ భాగాల్లో ఆస్‌బెస్టాస్ కలిసి ఉంటుంది కాబట్టి ఇస్త్రీపెట్టె ప్లగ్గులు, హీటరు భాగాలను గీకి చూడటం కూడా ప్రమాదకరం.

5. ఒక విద్యుత్ బోర్డు పరిశీలన: నమూనా క్రమం

పై సూత్రాలు కలిసి ఎలా పనిచేస్తాయో చూడటానికి మంచిర్యాల ప్రాంతంలోని ఒక పాత పెంకుటింటి బోర్డును ఊహించుకోవచ్చు. టేకు గుండ్రటి చెక్కలపై ఒక నల్లని గోపురాకారపు స్విచ్చు, పైకప్పుకు దంతపు రంగు సీలింగ్ రోజ్, వేలాడే తీగకు గోధుమరంగు బుగ్గ హోల్డరు ఉన్నాయనుకుందాం. ఇంటివారు ‘నిజాం కాలంలో వేసిన కరెంటు’ అని చెబుతున్నారనుకుందాం. అంటే 1948 సెప్టెంబరుకు ముందు అని అర్థం. ఈ మాటను పరీక్షించాలి.

విద్యుత్ సరఫరాను పూర్తిగా నిలిపివేసి, తీగలను విడదీసిన తరువాతే పని మొదలుపెట్టాలి. మొదట స్విచ్చు మూత. మరతల కింద నిగనిగలాడే నలుపు, అంచు చుట్టూ ఒకే గీత, గీత మీద ఆకురాయి గీకుళ్లు, లోపల రెండు కడ్డీ ముద్రలు, రుద్దితే కార్బాలిక్ వాసన. ఒత్తిడి అచ్చులో పోసిన బేకలైట్ అని ఇంతవరకు ధ్రువపడింది. తేదీ మాత్రం రాలేదు. ఇంటివారి మాటను ఈ సాక్ష్యం బలపరచదు, ఖండించదు.

రెండోది సీలింగ్ రోజ్. లేతరంగు, ఒత్తిడి అచ్చుగీత, వేడికి గురైన చోట వెంట్రుకవంటి పగుళ్లు. ఇది యూరియా ఫార్మాల్డిహైడ్. పూర్వావధి 1920ల చివర. ఇది కూడా ఇంటివారి మాటతో విభేదించదు.

మూడోది హోల్డరు. గోధుమరంగు, బేకలైట్ వాసన. లోపలి అంచున మాత్రం ఐఎస్ఐ గుర్తు ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ 1947లో ఏర్పడినా, వస్తువులపై ధ్రువీకరణ గుర్తుకు చట్టం వచ్చింది 1952లో. కాబట్టి ఈ హోల్డరు 1948కి ముందుది కావడానికి వీలులేదు. గుర్తుతోపాటు ప్రమాణపు సంఖ్య చదవగలిగితే, ఆ ప్రమాణం తొలిసారి ప్రచురితమైన సంవత్సరం పూర్వావధిని ఇంకా ముందుకు జరుపుతుంది. 1987లో భారతీయ ప్రమాణాల బ్యూరో ఏర్పడిన తరువాత కూడా అదే గుర్తు కొనసాగింది గనుక ఐఎస్ఐ గుర్తు పరావధిని ఇవ్వదు.

ఇప్పుడు అసలు ప్రశ్న: హోల్డరు తరువాత మార్చినదా, లేక మొత్తం బోర్డు అప్పటిదేనా? దీనికి సమాధానం గోడ ఇస్తుంది. స్విచ్చు గుండ్రటి చెక్కను తీసి, దాని వెనుక ఉన్న వెల్ల పొరలను, పక్కనే ఉన్న గోడమీది పొరలను పోల్చాలి. చెక్క వెనుక నాలుగు పొరలు, పక్కన తొమ్మిది పొరలు ఉన్నాయనుకుంటే, చెక్కను బిగించే నాటికే గోడకు నాలుగుసార్లు వెల్ల పడిందని, ఆ తరువాత అయిదుసార్లు పడిందని తెలుస్తుంది. సీలింగ్ రోజ్ వెనుక కూడా నాలుగే పొరలుండి, వాటి రంగు, నీలిమందు ఛాయ ఒకే వరుసలో ఉంటే రెండూ ఒకే విడతలో బిగించినవి. వెల్ల ఏటా వేస్తారన్న నియమం లేదు గనుక పొరలను సంవత్సరాలుగా మార్చరాదు. అవి క్రమాన్ని చెబుతాయి, కాలపరిమాణాన్ని చెప్పవు. హోల్డరు గోడకు తగలదు గనుక దానికి ఈ సాక్ష్యం వర్తించదు. దాని తీగను చూడాలి. సీలింగ్ రోజ్ మరతల వద్ద పాత నూలు అల్లిక తీగ ముక్కలు మిగిలి ఉండి, ఇప్పుడున్నది పీవీసీ తీగ అయితే, హోల్డరును తీగతోపాటు మార్చారన్నది సహజమైన నిర్ణయం.

చివరి మెట్టు కాగితాలు. ఇంట్లో దొరికిన తొలి విద్యుత్ బిల్లు లేదా మీటరు కార్డు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి పేరుతో ఉంటే, ఆ కాగితం 1959 ఏప్రిల్ తరువాతిది. మండలి ఏర్పడింది అప్పుడే. కాగితం కనెక్షన్ కంటే ఆలస్యమై ఉండవచ్చు కాబట్టి కనెక్షన్ తేదీ రాసిన చోటును ప్రత్యేకంగా చూడాలి. కనెక్షన్ 1960లలోదని తేలితే, నల్లని స్విచ్చు ఎంత పాత ఆకృతిలో ఉన్నా, అది ఆ ఇంట్లో బిగించిన కాలం 1960లకు ముందు కాదు. వేరొకచోట వాడి తెచ్చిన స్విచ్చు అనే అవకాశం మిగులుతుంది. మూత లోపల, మరతల చుట్టూ రెండు వేర్వేరు బిగింపుల గీకుళ్లు ఉన్నాయేమో చూసి ఆ అవకాశాన్ని తూచవచ్చు.

ఈ పరిశీలన చివర నమోదు చేయవలసిన వాక్యం ఇది: ‘స్విచ్చు, సీలింగ్ రోజ్ ఒకే విడత బిగింపు, 1960లు, హోల్డరు ఆ తరువాతి మార్పు, ఇంటివారి కథనం వేరు.’ ఇంటివారి కథనాన్ని కొట్టివేయడం కాక విడిగా నమోదు చేయాలి. ‘నిజాం కాలం’ అన్న మాట ఆ ఇంటి కట్టడానికి వర్తించి, కరెంటుకు విస్తరించి ఉండవచ్చు.

6. ప్రాంతీయ కాలక్రమం అవసరం

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు ఒకే విద్యుత్ తేదీ లేదు. బెల్లంపల్లిలో బొగ్గు తవ్వకం 1927లోనే మొదలైంది. కాగజ్‌నగర్ కాగితపు మిల్లు 1930ల చివరి స్థాపన. పరిశ్రమ ఉన్నచోట కార్మికుల, అధికారుల నివాసాలకు విద్యుత్తు ముందుగా చేరే అవకాశం ఉంటుంది. వ్యవసాయ గ్రామాల పరిస్థితి అది కాదు. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ దేశస్థాయిలో ఏర్పడిందే 1969లో. రామగుండంలో 62.5 మెగావాట్ల ‘బి’ థర్మల్ కేంద్రం 1971లో ప్రారంభమైంది. కాబట్టి ఒకే రకం నల్లని స్విచ్చు బెల్లంపల్లి క్వార్టరులో ఒక తేదీని, ఉట్నూరు ప్రాంతపు గ్రామంలో దానికి దశాబ్దాల తరువాతి తేదీని సూచించవచ్చు. రెండు స్విచ్చులూ రంగులో, గీతలో, వాసనలో తేడా లేకుండా ఉంటాయి.

విద్యుత్తుతో సంబంధం లేని దువ్వెన, సబ్బుపెట్టె, గుండీ వంటి వస్తువులకు ఈ పరావధి సౌకర్యం ఉండదు. అవి జాతరలో కొన్నవో, పట్నం నుంచి తెచ్చినవో తెలియదు. వాటి విషయంలో పదార్థం, తయారీ విధానం, పూర్వావధి వరకే రాసి ఆగడం మేలు. ముఖ్యమైన సేకరణ అయితే ఇన్‌ఫ్రారెడ్ వర్ణపట విశ్లేషణతో పదార్థాన్ని నిర్ధారించవచ్చు. అదీ పదార్థాన్నే చెబుతుంది, తేదీని కాదు.

7. ముగింపు

రంగు, అచ్చుగీత, వాసన ఈ మూడింటిలో ఏ ఒక్కటీ సొంతంగా సంవత్సరాన్ని ఇవ్వదు. రంగు పదార్థపు కుటుంబాన్ని, వాసన ఆ కుటుంబంలోని సభ్యుణ్ణి, అచ్చుగీత తయారీ పద్ధతిని చూపుతాయి. ఈ మూడూ ఏకీభవిస్తే పూర్వావధి స్థిరపడుతుంది. ఏకీభవించకపోతే వస్తువును రెండు వేర్వేరు భాగాలతో కూర్చారేమో, మూత మార్చారేమో ముందుగా పరిశీలించాలి. తేదీకి రెండో అంచు గోడమీది వెల్లపొరల్లో, మరతల గీకుళ్లలో, మీటరు కార్డులో దొరుకుతుంది. వస్తువును ఇంటి నుంచి ఊడదీసి తెచ్చాక ఈ సాక్ష్యంలో ఎక్కువ భాగం తిరిగిరాదు. అందువల్ల బోర్డును గోడమీద ఉండగానే ఫొటో తీసి, పొరలను లెక్కించి, మరతలు ఉన్న స్థితిని రాసుకున్న తరువాతే దాన్ని సేకరణలోకి తీసుకోవాలి.